కడుపు నొప్పి, స్కాన్ రిపోర్టు, స్కూలు బాత్రూం

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకాయన తన కొడుకు కడుపు స్కాన్ రిపోర్టు ఫొటో పెట్టి, దీనికి హన్మకొండలో ఎవరికి చూపిస్తే మంచిదని అడిగాడు. రిపోర్టు చివర్లో లావు అక్షరాలతో "మెసెంటెరిక్ లింఫాడినైటిస్" అని ఉంది, అంటే పేగుల దగ్గరి లింఫ్ గ్రంథులు ఉబ్బాయని. కాసేపట్లోనే సలహాలు మొదలయ్యాయి. మా బాబుకూ ఇదే వచ్చింది, ఆరు నెలల కోర్సు వాడాం అని ఒకరు. ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకెళ్లమని ఇంకొకరు. నులిపురుగుల మందు వేయించమన్నవాళ్లు, బయటి తిండి మాన్పించమన్నవాళ్లు, దిష్టి తీయించమన్నవాళ్లు సరేసరి. ఆ పిల్లవాడు దొడ్డికి ఎలా వెళ్తున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను పిల్లల డాక్టర్ని. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చేతిలో ఇలాంటి రిపోర్టు ఒకటి ఉంటుంది. గ్రూపులో పొడుగ్గా రాస్తే క్లాసు పీకుతోందని అనుకుంటారని ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను. నెలల తరబడి వచ్చిపోయే కడుపు నొప్పికి స్కాన్‌తో మొదలుపెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ స్కాన్ ఎక్కువసార్లు ఏమీ తేల్చదు. తేల్చకపోగా, ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఒక జబ్బు పేరు అంటగడుతుంది. పరీక్షలే వద్దని నేననడం లేదు. ఎవరికి చేయించాలో తెలియాలంటే ముందు అడగాల్సినవి, కొలవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి చేయకుండా తీసిన స్కాన్‌ను చదవడం మాక్కూడా కష్టమే.

బొడ్డు చుట్టూ నొప్పి

ఇదేమీ కొత్త సమస్య కాదు. 1958లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో జాన్ యాప్లీ అనే పిల్లల వైద్యుడు వెయ్యి మంది బడిపిల్లల్ని చూశాడు. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, ఆటపాటలకు అడ్డం పడేంత నొప్పి వచ్చినవాళ్లు దాదాపు పదిమందిలో ఒకరున్నారు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే లోపల ఏదో జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ అని ఆయన చెప్పిన మాటను మేం ఇప్పటికీ వాడుకుంటున్నాం. ఎక్కడ నొప్పి అంటే పిల్ల అరచేతిని బొడ్డు మీద పెట్టిందా, ఒక్క వేలితో కుడివైపు కింద చూపించిందా అని గమనిస్తాం. ఈ ఒక్క గుర్తుతోనే ఏదీ తేలిపోదు. కానీ మాట అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఒక పాప సంగతి చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పరకాల దగ్గర ఊరి వాళ్లు, పిల్లల చదువు కోసం హన్మకొండలో అద్దెకుంటున్నారు. బడులు తెరిచిన కొన్నాళ్లకు మొదలైన నొప్పి దసరా దగ్గరికొచ్చినా తగ్గలేదు. ఫైల్లో రెండు స్కాన్లు ఉన్నాయి. రెండింట్లోనూ నోడ్స్, అంటే ఆ లింఫ్ గ్రంథులే, ఉన్నట్టు రాశారు, పెద్దది 12 x 6 మిల్లీమీటర్లు. అప్పటికి ఒక యాంటీబయాటిక్ కోర్సు, ఎసిడిటీ సిరప్, పదే పదే నులిపురుగుల మందు అయిపోయాయి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ ఎటూ వేసుకుంటూనే ఉంది. ఎవరో టీబీ మాట ఎత్తారు. అక్కడితో ఇంట్లో నిద్రలు పోయాయి.

నొప్పి ఎప్పుడొస్తుందని అడిగాను. పొద్దున బస్సెక్కే ముందు, అన్నం తిన్నాక, సాయంత్రం ఇంటికొచ్చాక. పావుగంటో ఇరవై నిమిషాలో ముడుచుకొని పడుకుంటుంది, తర్వాత లేచి ఆడుకుంటుంది. రాత్రి గాఢనిద్రలోంచి లేచి ఏడ్చింది లేదు. వాంతులు లేవు, జ్వరం లేదు.

మోషన్ సంగతి అడిగితే తల్లి వెంటనే, "రోజూ పోతది మేడం, దానికేం తక్కువ లేదు" అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆరేళ్లు దాటిన పిల్ల బాత్రూంలో ఏం చేసి వస్తోందో ఏ తల్లీ చూడదు. అందుకే నా టేబుల్ మీద మలం రకాల బొమ్మలున్న అట్ట ఒకటి ఉంటుంది. ఒకటి నుంచి ఏడు వరకు ఉంటాయి, ఒకటి బాగా గట్టిది, ఏడు నీళ్లలాంటిది. (ఇదీ బ్రిస్టల్ నుంచే వచ్చింది. పిల్లల కడుపు నొప్పుల లెక్కలో ఆ ఊరికి మనం చాలా బాకీ.) పాప నవ్వాపుకుంటూ మొదటి బొమ్మ మీద వేలు పెట్టింది. మేక పెంటికల్లా విడివిడిగా, గట్టిగా ఉండేవి. అప్పటిదాకా ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్న ఆమె తమ్ముడు మధ్యలో దూరి, "ఒక్కోసారి అక్క పోయినంక ఫ్లష్ కొట్టినా పోదు, గంత పెద్దగుంటది" అన్నాడు. పాప వాణ్ని ఒక్కటి చరిచింది. నా పని మటుకు అయిపోయింది.

తర్వాత ఒక్కో సంగతీ బయటికొచ్చింది. బస్సు ఏడూ ముప్పావుకు, లేచేది ఏడింటికి. స్కూల్లో బాత్రూంకు గడియ లేదు, ఫ్రెండ్ ఎవరైనా తలుపు పట్టుకొని నిలబడాలి. కాబట్టి అక్కడికి వెళ్లకుండా ఉండేందుకు నీళ్లే తాగదు. వాటర్ బాటిల్ పోయినట్టే తిరిగొస్తుందని తల్లికీ తెలుసు. అది బద్ధకమనుకుంది. అద్దింట్లో కమోడ్ ఉంది, కూర్చుంటే కాళ్లు నేలకు అందవు, ముక్కడానికి పట్టు దొరకదు.

కడుపు మెత్తగానే ఉంది. ఎడమవైపు కింద మాత్రం గట్టి ఉండలు వరసగా చేతికి తగిలాయి. బరువు 26 కిలోలు, ఎత్తు 130 సెంటీమీటర్లు. స్కూల్ హెల్త్ కార్డులో కిందటేడు 124 ఉంది. ఏడాదికి ఆరు సెంటీమీటర్లు పెరుగుతున్న పిల్ల పేగుల్లో పెద్ద జబ్బు దాగి ఉండటం అరుదు. నన్నడిగితే ఆ మందపాటి ఫైల్లో అన్నిటికన్నా విలువైన కాగితం ఆ హెల్త్ కార్డే.

రోజూ వెళ్తున్నా మలబద్ధకమే

దీన్ని తల్లిదండ్రులు ఒక పట్టాన ఒప్పుకోరు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వచ్చిన మోషన్‌ను ఆపుకుంటే అది వెనక్కి వెళ్లి పెద్దపేగులో ఉండిపోతుంది. పేగు అందులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, కాబట్టి అది గట్టిపడుతుంది. గట్టిపడ్డది బయటికొచ్చేటప్పుడు నొప్పి పెడుతుంది. ఆ నొప్పికి భయపడి పిల్ల మళ్లీ ఆపుకుంటుంది. కొన్ని వారాలు ఇలా సాగితే చివరి పేగు సాగిపోయి, నిండినా నిండినట్టు తెలియదు. అప్పుడు రోజూ కొద్ది కొద్దిగా వస్తూనే ఉంటుంది, అసలు సరుకు లోపలే ఉంటుంది. కొందరికైతే గట్టి ముద్ద పక్కనుంచి నీళ్లలా జారి చెడ్డీకి అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకొని విరేచనాలు ఆగే మందు వేస్తారు. అది ఇంకా చేటు.

తిన్న తర్వాతే నొప్పి వస్తుంది కాబట్టి గ్యాస్ అయి ఉంటుందనే మాట రోజూ వింటాను. కడుపులో అన్నం పడగానే పెద్దపేగు కదలడం మనందరికీ ఉన్న సహజ గుణం. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు ఆ కదలికే మెలిపెట్టినట్టు నొప్పి అవుతుంది. ఎసిడిటీ సిరప్ దీనికి ఏం చేయగలదు?

వైద్యం రెండు దశలు. మొదటిది లోపల పేరుకున్నది ఖాళీ చేయడం. పాలిథిలీన్ గ్లైకాల్ అనే పొడిని కిలో బరువుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల లెక్కన మూడు నుంచి ఆరు రోజులు ఇస్తాం. ఈ పాపకు రోజుకు 30 గ్రాములు, నీళ్లలో కలిపి, విడతలుగా. ఆ రోజుల్లో పదే పదే బాత్రూంకు పరిగెత్తాల్సి వస్తుంది, ఒక్కోసారి బట్టలు పాడవుతాయి. బడి రోజుల్లో ఇది మొదలుపెడితే పిల్ల పరువు పోతుంది, మందు మీద విరక్తి పుడుతుంది. దసరా సెలవులు పెట్టుకొని మొదలుపెట్టాం. సద్దుల బతుకమ్మ నాటికి ఖాళీ అయింది, నొప్పి కూడా చాలావరకు పోయింది.

రెండో దశ ఓపికతో కూడిన పని. అదే పొడి రోజుకు 10 గ్రాములు, కనీసం రెండు నెలలు. నొప్పి పోయిన వెంటనే ఆపకూడదు, ఎందుకంటే సాగిన పేగు మామూలు కావడానికి ఆ టైం పడుతుంది. దీంతోపాటు పొద్దున అరగంట ముందు లేవడం, టిఫిన్ తిన్నాక ఐదు నుంచి పది నిమిషాలు కమోడ్ మీద కూర్చోవడం, కాళ్ల కింద పీట. రోజూ పెద్ద గ్లాసులతో మూడుసార్లు తాగే పాలు తగ్గించి, ఆ ఖాళీలో అన్నం, పప్పు, తోటకూర, జామకాయ. బిస్కెట్లు తగ్గించమన్నప్పుడు మాత్రం పాప నావైపు శత్రువును చూసినట్టు చూసింది.

సంక్రాంతి తర్వాత నొప్పి మళ్లీ వచ్చింది. మందు అలవాటైపోతుందని ఎవరో అన్నారట, తల్లి ఆపేసింది. ఈ పొడి రక్తంలోకి దాదాపుగా వెళ్లదు. పేగులోనే ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, పేగును బద్ధకం చేయదు. మళ్లీ మొదలుపెట్టాం. మార్చిలో ఒంటిపూట బడులు వచ్చాక మధ్యాహ్నానికే ఇల్లు చేరడంతో పని ఇంకా తేలికైంది. నొప్పి బడి టైంటేబుల్‌ను ఇంత కచ్చితంగా అనుసరిస్తుంటే, నాకు స్కాన్ కన్నా ఆ స్కూలు బాత్రూం చూసి రావాలనిపిస్తుంది.

మరి ఆ నోడ్స్ సంగతి

పేగుల్ని పట్టి ఉంచే పొరలో వందలకొద్దీ లింఫ్ గ్రంథులుంటాయి. పేగుల్లోంచి వచ్చే క్రిముల్ని వడపోయడం వాటి పని. జలుబు చేసినా, రెండు రోజులు విరేచనాలైనా అవి కొంచెం ఉబ్బి, కొన్ని వారాల పాటు అలాగే ఉంటాయి. బడికెళ్లే పిల్లలకు ఏడాదిలో ఎన్నిసార్లు జలుబు చేస్తుందో మీకు తెలుసు. పైగా పిల్లల పొట్ట పల్చన, ఇప్పటి మెషీన్లలో చిన్నవి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. కిడ్నీలో రాళ్ల అనుమానంతో సీటీ తీసిన పిల్లల మీద ఒక అధ్యయనం ఉంది. వాళ్లలో సగం మందికి పైగా 5 మిల్లీమీటర్లు దాటిన నోడ్స్ కనిపించాయి. అందుకే 8 మిల్లీమీటర్ల దాకా మామూలుగానే తీసుకోవాలని ఆ పరిశోధకులు సూచించారు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. రిపోర్టులో 12 x 6 అని ఉంటే చూడాల్సింది చిన్న అంకె. గ్రంథి చిక్కుడు గింజలా పొడవుగా ఉంటుంది కాబట్టి పొడవును లెక్కలోకి తీసుకోం, అడ్డం కొలతనే తీసుకుంటాం. పాప రిపోర్టులో పన్నెండు చూసి భయపడ్డారు. ఆరు మామూలే.

నిజంగా టీబీని అనుమానించాల్సిన గ్రంథులు వేరేగా ఉంటాయి. ఒకదానికొకటి అతుక్కొని గుత్తిలా ఉంటాయి, మధ్యభాగం చచ్చుబడి నల్లగా కనిపిస్తుంది, ఒక్కోసారి సున్నం పేరుకుంటుంది. పక్కనే చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట గోడ మందంగా ఉండటమో, పొట్టలో నీరు చేరడమో కనిపించవచ్చు. పిల్ల కూడా వేరేగా ఉంటుంది. వారాల తరబడి సాయంత్రం జ్వరం, ఆకలి చావడం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం. ఇవి ఉన్నప్పుడు నేనే స్కాన్ రాస్తాను, నమూనా తీసి పరీక్ష చేయించడానికీ పంపిస్తాను. చేతిమీద వేసే మాంటూ పరీక్ష పాజిటివ్ వస్తే టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. జబ్బు ఉందని అదొక్కటే తేల్చదు.

ఈ మాటలకు నా తోటి డాక్టరు ఒకాయన దగ్గర గట్టి జవాబే ఉంది. "మన దేశంలో టీబీ ఎంత ఉందో తెలుసు. ఒక్కటి మిస్సయితే నువ్వు జవాబుదారీ. స్కాన్‌తో పోయేదేముంది?" అంటాడు. రేడియేషన్ లేదు, ఖర్చూ మరీ ఎక్కువ కాదు. పైగా స్కాన్ రాయకుండా పంపిస్తే తల్లిదండ్రులు మెట్లు దిగుతూనే, సరిగా చూడలేదని అనుకుంటారు. ఇవన్నీ నిజమే. నేను కూడా అందరినీ ఉత్తి చేతులతో పంపించను. మూత్ర పరీక్ష, రక్తహీనత ఉందేమో చూసే పరీక్ష చాలామందికి రాస్తాను, అవి చవక, వాటి జవాబు తేలిగ్గా అర్థమవుతుంది. నా అభ్యంతరం స్కాన్ తర్వాత జరిగేదాని మీద. నోడ్స్ అని రాసి వచ్చాక ఊరుకోవడం ఎవరికీ చేతకాదు. యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకో స్కాన్, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని టీబీ మందులు. లివర్‌ను దెబ్బతీయగల మందుల్ని ఆరు నెలలు, లేని జబ్బుకు. ఈలోగా ఆ గట్టి మలం ఉండలు లోపల అలాగే ఉంటాయి.

అదే రిపోర్టు, వేరే పిల్లవాడు

నా వాదనకు అడ్డం తిరిగే కేసు కూడా చెప్పాలి. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన పన్నెండేళ్ల బాబు. హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఏడాదిగా కడుపు నొప్పి. హాస్టల్ ఇష్టం లేక నాటకాలాడుతున్నాడని బడిలో తేల్చేశారు, ఇంట్లో కూడా అదే నమ్మారు. ఒక స్కాన్ తీశారు, అందులోనూ నోడ్స్ అనే రాశారు. మామూలే అని ఎవరో చెప్పారు. అంటే నేను పైన చెప్పిన మాటే వాళ్లకూ చెప్పారు.

వాళ్లమ్మ మాటల మధ్యలో, "రెండేండ్ల కింద కుట్టిచ్చిన ప్యాంటే ఇంకా సరిపోతంది మేడం" అంది. ఫిర్యాదులా చెప్పలేదు, ఖర్చు కలిసొచ్చిందన్నట్టు చెప్పింది. పన్నెండేళ్ల బాబుకు రెండేళ్లలో ప్యాంటు పొట్టి కాలేదంటే నాకు భయం వేస్తుంది. కొలిస్తే ఎత్తు, బరువు రెండూ తక్కువ. అడిగితే బయటపడినవి ఇంకా ఉన్నాయి. నోట్లో పదే పదే పుండ్లు. రాత్రిపూట లేచి విరేచనానికి వెళ్లడం. మలద్వారం పక్కన పుండు, దాన్ని పైల్స్ అనుకొని ఏదో ఆయింట్‌మెంట్ రాస్తున్నారు. ఈ వయసులో పైల్స్ చాలా అరుదు. అక్కడ పుండు కనిపిస్తే ఇంకో కారణం వెతకాలి.

హిమోగ్లోబిన్ 9 లోపే ఉంది, ప్లేట్‌లెట్లు, ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ ఎక్కువ. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష చేయించాం. పేగుల్లో వాపు ఉంటే అది పెరుగుతుంది, మామూలుగా 50 లోపు ఉండాలి, ఇతనికి దానికి ఎన్నో రెట్లు వచ్చింది. హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేసి ముక్కలు తీసి చూశారు. క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు అని తేలింది. అదీ ఒక్క రోజులో తేలలేదు. పేగుల టీబీ, క్రోన్స్ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, మన దేశంలో పెద్ద డాక్టర్లు కూడా వీటి దగ్గర తడబడతారు.

పాప స్కాన్, ఈ బాబు స్కాన్ పక్కపక్కన పెడితే చివరి వాక్యం ఒకటే. తేడా అంతా ఎత్తు, బరువు, పుండు, రాత్రి విరేచనాల్లో ఉంది. అందుకే ఎవరైనా నాకు ఫోన్లో స్కాన్ రిపోర్టు పంపి అభిప్రాయం అడిగితే, కిందటేడు ఎత్తెంత, ఇప్పుడెంత అని తిరిగి అడుగుతాను. విసుక్కుంటారు.

పరీక్షల దాకా వెళ్లాల్సిన గుర్తులు ఇంచుమించు ఈ బాబు దగ్గరే ఉన్నాయి. వాటికి ఇంకొన్ని కలపాలి. మలంలో రక్తం, పదే పదే వాంతులు, మింగడం కష్టమవడం, కారణం తెలియని జ్వరం, కీళ్ల వాపు, కళ్లు పచ్చబడటం, నొప్పి ఎప్పుడూ కుడివైపే ఉండటం, మూత్రంలో మంట, దగ్గరి బంధువుల్లో పేగు వాపు జబ్బు. వీటిలో ఒక్కటి ఉన్నా స్కాన్, రక్త పరీక్షలు చేయించాల్సిందే, అప్పుడు నేనే తొందరపెడతాను. రాత్రి నొప్పి విషయంలో మాత్రం కొంచెం ఆలోచించాలి. పడుకునే ముందు నొప్పని నిద్రపోకపోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. గాఢనిద్రలోంచి నొప్పి లేపడం వేరు. అది కూడా ఒక్కోసారి మామూలు నొప్పితోనే జరుగుతుంది, కాబట్టి మిగతా గుర్తులతో కలిపి చూస్తాను.

టెన్షన్ సంగతి కూడా ఇలాంటిదే. పరీక్షల టెన్షన్ ఉంది కాబట్టి నొప్పి మామూలుదే అనడం తప్పు లెక్క. జబ్బున్న పిల్లలకూ టెన్షన్ ఉంటుంది. హాస్టల్ బాబుకు హాస్టల్ నిజంగానే ఇష్టం లేదు, క్రోన్స్ కూడా నిజంగానే ఉంది.

"ఏం లేదు" అంటే పిల్లకు ఏం వినిపిస్తుంది

మలబద్ధకం లేదు, ప్రమాద గుర్తులేవీ లేవు, ఎత్తూ బరువూ బాగున్నాయి, అయినా నొప్పి వస్తూనే ఉంటుంది. ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. పేగుకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు ఎప్పుడూ జరుగుతుంటాయి. వీళ్లలో ఆ నరాలు కాస్త ఎక్కువ చురుగ్గా ఉంటాయి, మామూలు గాలి, మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. కొందరిలో ఏదో విరేచనాల జబ్బు తగ్గాక ఇది మొదలవుతుంది. నొప్పి నిజంగానే ఉంటుంది. రిపోర్టులన్నీ చూసి "ఏం లేదు" అని పంపించేస్తే, అబద్ధమాడుతున్నావన్నట్టు పిల్లకు వినిపిస్తుంది. ఒక తండ్రి నన్ను సూటిగా అడిగాడు, "ఏం లేదంటరు, మరి నొప్పెందుకొస్తది?" ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

ఇక్కడ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నది మందు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లిన్ వాకర్ బృందం 2006లో ఒక ప్రయోగం ప్రచురించింది. పిల్లలతో కడుపు నిండా నీళ్లు తాగించి కొంచెం ఇబ్బంది కలిగించారు. కొందరు తల్లిదండ్రుల్ని నొప్పి గురించి అడుగుతూ ఓదార్చమన్నారు, ఇంకొందరిని మాట మళ్లించమన్నారు. ఏ సూచనా ఇవ్వని వాళ్లతో పోలిస్తే, ఓదార్చినప్పుడు ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. మాట మళ్లిస్తే సగానికి తగ్గాయి. అయినా మాట మళ్లిస్తేనే బిడ్డకు చెడు జరుగుతుందని తల్లిదండ్రులు అనుకున్నారు. పిల్లలు అలా అనుకోలేదు.

మా దగ్గర నాయనమ్మ పొద్దున లేవగానే, "కడుపు నొస్తుందా బిడ్డా?" అని అడుగుతుంది. ప్రేమతోనే. ఆ ప్రశ్న మాత్రం మానేయమంటాను. పిల్ల తనంతట తాను చెబితే వినండి, నిజమేనని చెప్పండి, వేడి నీళ్ల సంచి ఇవ్వండి, బడికి పంపండి. నొప్పి వచ్చిన రోజు ఇంట్లో ఉంటే టీవీ, ఫోను, ఇష్టమైన టిఫిన్ ఉంటాయంటే నొప్పి తగ్గడం కష్టం. ఇది నాటకం కాదు, మనకూ ఒంట్లో బాగోలేదని చెప్పి ఆఫీసు మానేసిన రోజు ఒళ్లు కాస్త ఎక్కువే నొస్తుంది. అయితే ఈ సలహా ఎత్తు, బరువు కొలిచి, ప్రమాద గుర్తులన్నీ అడిగిన తర్వాతే. కొలవకుండా బడికి పంపించమంటే ఆ హాస్టల్ బాబుకు జరిగిందే జరుగుతుంది.

బడివాళ్లకు కూడా చీటీ రాస్తాను. అడిగినప్పుడు బాత్రూంకు పంపండి, ఇంటర్వెల్ దాకా ఆగమనకండి, గడియ పెట్టించండి అని. కొన్ని బళ్లు వెంటనే చేస్తాయి. ఒక బడి నుంచి మాత్రం, బాత్రూం వంకతో పిల్లలు తిరుగుతారని జవాబొచ్చింది. తిరిగితే తిరగనివ్వండి అని మళ్లీ రాశాను. దానికి జవాబు రాలేదు.

వెంటనే బయల్దేరాల్సినప్పుడు

ఇదంతా నెలలుగా వచ్చిపోయే నొప్పి గురించి. అలాంటి నొప్పి ఉన్న పిల్లకు కూడా ఏదో ఒక రోజు అసలైన అత్యవసరం రావచ్చు. ఎప్పుడూ ఉండేదేలే అని ఊరుకునే ప్రమాదం వీళ్లకే ఎక్కువ. బొడ్డు దగ్గర మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగి, తగ్గకుండా పెరుగుతూ, నడిస్తే, గెంతితే ఎక్కువయ్యే నొప్పి అపెండిక్స్ కావచ్చు. వాంతి ఆకుపచ్చగా వస్తే పేగు మెలిపడిందేమో చూడాలి. కాళ్ల మీద ఎర్రటి మచ్చలతో నొప్పి వచ్చినా, విపరీతమైన దాహంతో, మూత్రంతో వాంతులు వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. రెండోది షుగర్ కావచ్చు, అది కడుపు నొప్పి వేషంలో వస్తుంది.

మగపిల్లల విషయంలో ఇంకొకటి. పొత్తికడుపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే వృషణాలు చూడాలి. వృషణం మెలితిరిగినప్పుడు చాలామంది పిల్లలు సిగ్గుతో కడుపు నొప్పనే చెబుతారు, పదకొండు పన్నెండేళ్ల వాళ్లయితే అమ్మకు అసలు చూపించరు. ఒకవైపు వాచి, ముట్టుకోనివ్వకుండా ఉంటే, దాన్ని కాపాడే అవకాశం మొదటి ఆరు గంటల్లోనే ఎక్కువ. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే ఆ టైంలో పెద్ద ముక్క పోతుంది. కాబట్టి అక్కడ ఇంజెక్షన్ వేయించి తగ్గుతుందేమో చూద్దామని కూర్చోకుండా, పిల్లల ఆపరేషన్లు చేసే చోటికి ముందే ఫోన్ చేసి బయల్దేరాలి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు, ఎందుకంటే చేరగానే మత్తు ఇవ్వాల్సి రావచ్చు.